హాల్‌కి వెబ్‌సైట్ చేయించుకునే ట్రస్టులవాళ్లు ఒకసారి ఇది చదవండి

కడపలో ఒక ట్రస్టుకు కార్యదర్శిని. మా కమ్యూనిటీ హాల్‌కి పోయినేడు ఒక డెవలపర్‌తో సైట్ చేయించుకుని దెబ్బతిన్నాం. "బుకింగ్ ఉండే సైట్ కావాలబ్బా" అని ఫోన్లో చెప్పి అడ్వాన్సు పంపేశాం, కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. తప్పులో సగం మాదే.

ఆ బుకింగే ముంచింది. అందులో తేదీ ఒక్కటే అడిగేవాళ్లు. ఒకరు 14న పెళ్లికి తీసుకున్నారు. ముహూర్తం తెల్లవారుజామున 4:40కి, అంటే 13 సాయంత్రానికే పెళ్లివారు దిగుతారు. ఇంకొకరు 13 రాత్రి షష్టిపూర్తి భోజనాలకు తీసుకున్నారు. సైట్ లెక్కలో అవి వేరే వేరే రోజులు కదా, ఇద్దరికీ రసీదు ఇచ్చేసింది. 13 సాయంత్రం గేటు దగ్గర రెండు వంట బృందాలు గిన్నెలు దించుకుంటున్నాయి. "పుస్తకంలో రాసుకునేటప్పుడు ఇట్లా ఎప్పుడన్నా అయిందా సార్?" అన్నాడు వాచ్‌మన్. కాలేదు. పుస్తకంలో '13 సాయంత్రం నుంచి' అని రాసేవాళ్లం మరి.

అందుకే కొత్త డెవలపర్‌కి పంపిన ఉత్తరంలో మొదట ఇదే రాశా. ప్రతి బుకింగ్‌కీ మొదలయ్యే తేదీ, గంట, ముగిసే తేదీ, గంట ఉండాలి. ముగిశాక ఊడ్చి కడగడానికి 2 గంటలు దానంతటదే కలవాలి. ఆఫీసులో మేం ఫోన్ మీద తీసుకునే బుకింగులూ ఇదే క్యాలెండర్‌లో పడాలి. చివరి వాయిదా ఇచ్చేముందు నేనే పరీక్ష చేస్తానని కూడా రాశా: 13 సాయంత్రం 4 నుంచి 14 మధ్యాహ్నం 3 దాకా ఒక పెళ్లి పెడతా. ఆ తర్వాత 14న సాయంత్రం 4కి ఇంకోటి అడిగితే కుదరదనాలి, 5కి అడిగితే ఇవ్వాలి. 13 రాత్రి 8కి అడిగినా కుదరదనాలి.

రెండోది డొమైన్. గొడవయ్యాక చూస్తే సైట్ పేరు పాత డెవలపర్ అకౌంట్లో, ఆయన మెయిల్ మీద కొని ఉంది. ఆ సైట్ పేరుని డొమైన్లు అమ్మే ఇంకో కంపెనీకి మార్చుకోవాలంటే ముందు లాక్ తీయాలి, ఆ తర్వాత బదిలీ కోడ్ తీసుకోవాలి. ఆ రెండూ అకౌంట్ ఉన్నవాడి చేతిలోనే ఉంటాయి. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు తీరింది, రెన్యూవల్ నోటీసు పోయింది ఆయన మెయిల్‌కే, సైట్ ఆగిపోయింది. హాల్ ముందు గోడ మీద పెద్దక్షరాలతో రాయించిన సైట్ పేరు కొడితే ఇప్పుడు ఏమీ తెరుచుకోదు.

మీ డొమైన్ మీ చేతిలో ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. డెవలపర్‌ని ఏమీ అడక్కుండా, డొమైన్ కొన్నచోట మీరే లాగిన్ అయి చూడండి. ఓటీపీ మీ ఫోన్‌కి రాకపోతే ఈ రోజే అడిగి మార్పించుకోండి, డబ్బు ఇంకా బాకీ ఉన్నప్పుడే. ఈసారి డొమైన్ ట్రస్టు మెయిల్‌తో, ట్రస్టు కార్డుతో నేనే కొన్నా. డెవలపర్‌కి పని చేసుకునే అనుమతి ఇచ్చా, అంతే.

గోడ మీద పాత పేరుకి సున్నం కొట్టించాలి, పెయింటర్ ఆదివారం వస్తానన్నాడు.