ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీనా, డాలర్ డిపాజిట్టా? గల్ఫ్ పొదుపుకు ఏది మేలు

షార్జాలో పనిచేసే మా బావమరిది పోయిన నెల ఫోన్ చేశాడు. "బావా, నాలుగేళ్లు కూడబెడితే 36,700 దిర్హాములు అయినయి. రూపాయలు చేసి ఎఫ్‌డీ వెయ్యాల్నా, డాలర్లలోనే ఉంచాల్నా? మూడేళ్లల్ల వచ్చి జగిత్యాలలో ఇల్లు కట్టుకోవాలె."

ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ అంటే విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇక్కడి బ్యాంకులో వేసే డిపాజిట్; అందులో మన డబ్బు మొదటి రోజే రూపాయలు అయిపోతుంది, వడ్డీ కూడా రూపాయల్లోనే వస్తుంది. ఎఫ్‌సీఎన్‌ఆర్ అనేది కూడా మన బ్యాంకులోనే ఉండే డిపాజిట్, కానీ డాలర్లలో ఉంటుంది. ఏడాది నుంచి అయిదేళ్ల వరకు వేయొచ్చు, అసలూ వడ్డీ డాలర్లలోనే వస్తాయి. ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం రెండింటి వడ్డీకీ ఇండియాలో పన్ను లేదు. రెండింట్లోని డబ్బునూ ఎప్పుడైనా తిరిగి విదేశానికి తీసుకెళ్లొచ్చు. ఏడాది నిండకుండా తీస్తే మాత్రం దేనికీ వడ్డీ రాదు. కాబట్టి అసలు తేడా ఒక్కటే: రూపాయి పడితే ఆ లాభం మనకు రావాలా, లేక ఆ మాట మరిచి ఎక్కువ వడ్డీ తీసుకోవాలా?

దిర్హాము విలువ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరే కట్టేసి ఉంది. అంటే దిర్హాములు దాచినా డాలర్లు దాచినా రూపాయితో చూస్తే ఒకటే. మా వాడి దగ్గర ఉన్నది దాదాపు 10,000 డాలర్లు.

వడ్డీ రేట్లు బ్యాంకును బట్టి మారతాయి. లెక్క కోసం ఎన్‌ఆర్‌ఈకి 6.5 శాతం, డాలర్ డిపాజిట్‌కు 4 శాతం, డాలరు 85 రూపాయలు అనుకుందాం. ఎన్‌ఆర్‌ఈలో 8,50,000 రూపాయలు వేస్తే మూడేళ్లకు సుమారు 10,26,750 అవుతుంది. డాలర్లలో ఉంచితే 11,249 డాలర్లు అవుతాయి. ఈ రెండూ సమానం కావాలంటే అప్పటికి డాలరు 91.28 రూపాయలు ఉండాలి. అంతకన్నా పైకి పోతే డాలర్ డిపాజిట్ మేలు, కిందనే ఉంటే ఎన్‌ఆర్‌ఈ మేలు. సులువుగా చెప్పాలంటే, 85 నుంచి 91.28కి చేరాలంటే డాలరు ఏడాదికి సుమారు 2.4 శాతం పెరగాలి. రూపాయి ఏటా అంతకన్నా ఎక్కువ పడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

2014 మొదట్లో డాలరు 62 రూపాయల దగ్గర ఉంది, 2024 మొదట్లో 83 దగ్గర ఉంది. ఏడాదికి దాదాపు 3 శాతం పడిందన్నమాట. అది చూసి డాలరే మేలని తేల్చేయొద్దు. 2013 ఆగస్టులో 68 దాటిన డాలరు 2018 జనవరిలో 64 దగ్గరే ఉంది. ఆ నాలుగేళ్లూ డాలర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు రూపాయి పతనం వల్ల పైసా కలిసి రాలేదు. మూడేళ్ల గడువుకు పదేళ్ల సగటు హామీ ఇవ్వదు.

అందుకే నేను ముందు ఖర్చు ఎక్కడో అడిగాను. ఇటుకలకూ మేస్త్రీకూ ఇచ్చేది రూపాయల్లోనే. ఇల్లు కట్టడానికి కావలసిన డబ్బును డాలరు రేటు మీద ఆధారపడేలా ఉంచడం నాకు నచ్చదు. 26,000 దిర్హాములు, అంటే సుమారు 6 లక్షలు, ఎన్‌ఆర్‌ఈలో వేయమన్నాను. అదీ రెండు ఎఫ్‌డీలుగా వేయమన్నాను, మధ్యలో అవసరం పడితే ఒకటి తీసినా రెండోది కదలకుండా ఉంటుంది. 6,000 దిర్హాములు అక్కడి ఖాతాలోనే ఉంచమన్నాను. ఉద్యోగం పోతే రెండు మూడు నెలల ఖర్చులకూ టికెట్‌కూ అవి కావాలి, వడ్డీ రాకపోయినా ఫరవాలేదు. మిగిలిన 4,700 దిర్హాములు డాలర్ డిపాజిట్‌లో.

డాలర్లలో ఇంకా ఎక్కువ ఎందుకు వద్దన్నానంటే, ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ వాడికి ఉంది. యూఏఈ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం ఇవ్వాలి. వాడి బేసిక్ 2,500, నాలుగేళ్లకు 7,000 దిర్హాములు. ఆ డబ్బు దిర్హాముల్లోనే వస్తుంది కనుక రూపాయి పడితే దాని లాభం ఎలాగూ దొరుకుతుంది. ఈ లెక్క చాలామంది వేసుకోరు.

పంపేటప్పుడు ఎక్స్చేంజ్ బోర్డు మీద "ఫీజు లేదు" అని ఉన్నా రేటు చూడాలి. డాలరు 85 ఉన్న రోజు దిర్హాముకు 23.14 రావాలి. 23.00 ఇస్తే 26,000 మీద 3,640 రూపాయలు పోయినట్టే.

రూపాయి పడగానే, రేటు బాగుందని అక్కడ లోను తీసి పంపేవాళ్లను నేను కళ్లారా చూశాను. నా గదిలో ఉన్న ఒకతను అలా తీసి, ఇక్కడొచ్చే వడ్డీ కన్నా ఎక్కువ వడ్డీ అక్కడ కట్టాడు. వాడికి ఆ టెన్షన్ రెండేళ్లు పోలేదు. మా బావమరిది కూడా అదే అడగబోతుంటే మధ్యలోనే ఆపాను.

తిరిగి వచ్చేశాక బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఈని మామూలు ఖాతాగా మార్పించుకోవాలి, అప్పటినుంచి వడ్డీకి పన్ను పడుతుంది. డాలర్ డిపాజిట్‌ను మాత్రం గడువు తీరేదాకా అదే వడ్డీతో ఉంచుకోవచ్చు.