పోస్ట్‌గ్రెస్ మనమే నడపాలా, ఆర్‌డీఎస్‌కి ఇవ్వాలా: రెండూ వాడాక నా లెక్క

అందరికీ నమస్కారం,

ల్యాబ్ రిపోర్టుల ప్రొడక్ట్‌కి డేటాబేస్ ఎక్కడ పెట్టాలన్నది మొన్నటి మీటింగ్‌లో తేలలేదు. అద్దె సర్వర్ల మీద పోస్ట్‌గ్రెస్ మనమే వేసుకుంటే నెలకు పదివేలతో పోతుంది, అమెజానే నడిపిపెట్టే ఆర్‌డీఎస్ అయితే ముప్పైవేలు, మూడింతలు ఎందుకు కట్టాలి అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన బిల్లింగ్ డేటాబేస్‌ని మొదట రెండేళ్లకు పైగా సొంతంగా నడిపాం. ఆ తర్వాత మూడేళ్లుగా అది అమెజాన్ ముంబై రీజియన్‌లో ఆర్‌డీఎస్ మీద ఉంది. ఆ అనుభవంతో చెప్తున్నాను: డేటాబేస్ ఒక్కటి ఆర్‌డీఎస్‌కి ఇద్దాం, టెస్టులు, రాత్రిపూట నడిచే రిపోర్టు జాబులు చవక సర్వర్ల మీదే ఉంచుదాం.

ముందు డబ్బు సంగతి. సొంతంగా అంటే రెండు మెషీన్లు, ఒకటి అసలుది, ఒకటి దాని కాపీ. బ్యాకప్ స్టోరేజ్‌తో కలిపి పదివేల దగ్గర ఆగుతుంది. ఆర్‌డీఎస్‌లో 2 సీపీయూలు, 8 జీబీ మెమరీ ఉన్న డేటాబేస్‌ని రెండు జోన్లలో, అంటే వేర్వేరు డేటా సెంటర్లలో, పెడితే మెషీన్ ఖర్చు సుమారు 25 వేలు, 200 జీబీ డిస్క్‌కి ఇంకో ఐదువేలు. జీఎస్టీ 18 శాతం వేస్తారు కానీ అది మనకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. ఏడాదికి ముందే ఒప్పుకుంటే మెషీన్ ఖర్చులో దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అప్పుడు మొత్తం 22 వేలకు దిగుతుంది. అంటే నిజమైన తేడా 12 వేలు.

మన సీనియర్ ఇంజినీర్ గంట మనకు సుమారు 1,200 రూపాయలు పడుతుంది. 12 వేలంటే పది గంటలు. సొంత డేటాబేస్ మామూలు నెలలో ఆరేడు గంటలకు మించి అడిగేది కాదు: ప్యాచ్‌లు, బ్యాకప్ సరిచూడటం, డిస్క్ మీద ఓ కన్నేయడం. ఈ గంటల లెక్క ఒక్కటే చూస్తే సొంత సర్వరే గెలుస్తుంది, అది దాచను. లెక్క తిరగబడేది మామూలు కాని నెలల్లో.

అలాంటి ఒక శుక్రవారం రాత్రి కాపీ మెషీన్ డిస్క్ పోయింది. అసలు డేటాబేస్ బాగానే నడుస్తోంది కదా అనిపిస్తుంది. కానీ కాపీ కోసం పెట్టిన రెప్లికేషన్ స్లాట్ అలాగే మిగిలిపోయింది. కాపీ ఎప్పటికైనా తిరిగొచ్చి అడుగుతుందని పోస్ట్‌గ్రెస్ తన మార్పుల లాగ్‌లో ఒక్క ఫైలూ పారేయదు. ఆదివారం సాయంత్రానికి ఆ లాగ్ డిస్క్ మొత్తం నింపేసింది. రాయడానికి చోటు లేక డేటాబేస్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయడానికీ చోటు కావాలి, అదీ లేదు. అలర్ట్ మోగేసరికి ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు విజయవాడ బస్సులో ఉన్నాడు. ఇలాంటప్పుడు `pg_wal` ఫోల్డర్‌లో పాత ఫైళ్లు చేత్తో తీసేస్తే డేటాబేస్ పాడవుతుంది. ముందు డిస్క్ పెంచి, స్టార్ట్ చేసి, ఆ తర్వాత స్లాట్ తీసేయాలి. అదే చేశాం, కానీ ఈలోగా రెండు గంటలు కస్టమర్ల బిల్లింగ్ ఆగింది. ఏ స్లాట్ ఎంత లాగ్ పట్టుకుని కూర్చుందో ఈ క్వెరీ చెబుతుంది:

```sql
SELECT slot_name, active,
  pg_size_pretty(pg_wal_lsn_diff(
    pg_current_wal_lsn(), restart_lsn))
FROM pg_replication_slots;
```

`active` దగ్గర `f` ఉండి పక్కన సైజు పెరుగుతూ పోతుంటే డిస్క్ నిండే దారిలో ఉన్నట్టే. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి `max_slot_wal_keep_size` అని పరిమితి పెట్టుకోవచ్చు. అయితే మామూలుగా అది -1, అంటే పరిమితి లేదు. పెడితే డిస్క్ బతుకుతుంది, కాపీని మాత్రం మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. ఈ సంగతులన్నీ తెలిసిన మనిషి ఆదివారం సాయంత్రం కూడా ఫోన్‌కి అందుబాటులో ఉండాలి, అది ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

ఆర్‌డీఎస్‌లో రెండో జోన్ కాపీ వేరే పద్ధతిలో, స్టోరేజ్ స్థాయిలోనే నడుస్తుంది కాబట్టి దాని వల్ల ఈ గొడవ రాదు. కానీ మనం ఎనలిటిక్స్ కోసం లాజికల్ స్లాట్ పెట్టి మర్చిపోతే అక్కడా ఇదే కథ, డిస్క్ నిండుతుంది. మేనేజ్డ్ అన్నంత మాత్రాన ఇది చూడక్కర్లేదు అనుకోవద్దు.

నాకు ఎక్కువ విలువ కనిపించింది వెనక్కి వెళ్లడంలో. ఒక రిలీజ్‌లో బగ్ వల్ల కొందరు కస్టమర్ల జీఎస్టీ నంబర్లు ఒకరివి ఒకరికి రాసేసుకున్నాయి. రిలీజ్‌కి ఐదు నిమిషాల ముందు టైమ్ ఇచ్చి రిస్టోర్ పెట్టాం. అది పాత డేటాబేస్‌ని మార్చదు, వేరే అడ్రస్‌తో కొత్తది లేపుతుంది. గంటలోపే వచ్చింది. దాంట్లోంచి ఒక్క టేబుల్‌ని `pg_dump`తో తీసి సరిచేశాం. రిస్టోర్ అయిన మొదట్లో క్వెరీలు నత్తనడక నడుస్తాయి, డేటా ఇంకా వెనక నుంచి వస్తూ ఉంటుంది, కంగారు పడొద్దు. పని అయ్యాక కొత్త దాన్ని డిలీట్ చేయాలి. స్టాప్ చేసి వదిలేస్తే ఏడు రోజులకు తనంతట తానే లేచి బిల్లు వేస్తుంది.

ఇదంతా సొంతంగానూ చేయొచ్చు, దానికి మంచి టూల్స్ ఉన్నాయి. కానీ బ్యాకప్ తీస్తున్నాం అనుకోవడం వేరు, దాన్నుంచి తిరిగి తేగలగడం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్‌ల కోసం చూస్తే, డేటాబేస్ 9.6 వెర్షన్, `pg_dump` మాత్రం 9.2 నడుస్తోంది. అందుకే అవి ఫెయిల్ అవుతూ వచ్చాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ ఎవరికీ చేరలేదు. చివరికి సుమారు ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ దొరికి గట్టెక్కారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. మన కంటే ఎన్నో రెట్లు పెద్ద టీమ్ అది.

ఆర్‌డీఎస్‌తో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. సూపర్‌యూజర్ ఇవ్వరు, వాళ్లు ఒప్పుకున్న ఎక్స్‌టెన్షన్లే వేసుకోవాలి. పెరిగిన డిస్క్‌ని నేరుగా తగ్గించలేం. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కి మారడం ఒకటి రెండు నిమిషాల పనే, కానీ మన జావా సర్వీస్ పాత ఐపీ అడ్రస్‌నే పట్టుకు వేలాడి ఇంకాసేపు ఎర్రర్లు ఇచ్చింది. డీఎన్ఎస్ క్యాష్ టైమ్ తగ్గించాకే దారికొచ్చింది. పాత వెర్షన్ మీద ఉండిపోతే ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో అదనంగా వడ్డిస్తారు. పోస్ట్‌గ్రెస్ 11 వాడేవాళ్లకు 2024 ఏప్రిల్ నుంచి ఇది మొదలైంది. అప్‌గ్రేడ్ పని మనదే, తప్పించుకోలేం.

బేస్‌క్యాంప్ తయారుచేసే 37సిగ్నల్స్ క్లౌడ్ వదిలేసి బాగా మిగుల్చుకుంది కదా అని అడిగారు. 2022లో వాళ్ల క్లౌడ్ బిల్లు 30 లక్షల డాలర్లు దాటింది. లోడ్ నిలకడగా ఉంది, సర్వర్లు నడిపే టీమ్ అప్పటికే జీతాల్లో ఉంది. మనకు ఆ టీమ్ లేదు, ఆ బిల్లూ లేదు. డేటాబేస్ బిల్లు నెలకు రెండు మూడు లక్షలు దాటి, డేటాబేస్ మనిషిని ఎలాగూ పెట్టుకోవాల్సి వస్తే ఇదే లెక్క మళ్లీ వేస్తాను, అప్పుడు జవాబు మారొచ్చు.

సరే అంటే మొదటి మూడు నెలలు ఏ ఒప్పందం లేకుండా పూర్తి రేటుకే నడుపుదాం. సైజు ఎంత కావాలో తేలకుండా ఏడాది ఒప్పుకుంటే తప్పు సైజుకి కట్టుబడిపోతాం. ఆ మూడు నెలలకు ముప్పై వేల చొప్పున బడ్జెట్‌లో వేయండి. బుధవారంలోగా చెప్తే ఈ వారంలోనే సెటప్ మొదలుపెడతాను.