త్రైమాసిక నివేదికలో శాతాలా, మైలురాళ్లా: దాతకు ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు మూడు నెలలకోసారి దాత కంపెనీకి పంపే ప్రగతి నివేదికలు ప్రధానంగా రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటి రకంలో పని ఎంత శాతం పూర్తయిందో, డబ్బు ఎంత శాతం ఖర్చయిందో రాస్తారు. రెండవ రకంలో ముందుగా ఒప్పుకున్న మైలురాళ్లను వరుసగా పెట్టి, ఒక్కొక్కటి అయిందా లేదా, ఏ తేదీకి కావలసింది ఏ తేదీకి అయింది అన్నది మాత్రమే చెబుతారు. పచ్చ, పసుపు, ఎరుపు రంగులతో స్థితిని సూచించే మూడవ పద్ధతి కూడా ఉన్నది గాని, ఏ రంగు వేయాలన్నది రాసేవారి ధైర్యాన్ని బట్టి మారుతుంది కనుక దానిని ఇక్కడ విడిచిపెడుతున్నాను.

రెండింటి తేడా ఒకే పనిని రెండు విధాల రాసి చూస్తే తెలుస్తుంది. సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా ఉండే ఆరు చోట్ల తాగునీటి శుద్ధి కేంద్రాలు పెట్టే పథకం ఒకటి ఉన్నదనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు అంకెలు నేను వేసుకున్నవే. గ్రామానికి 8 లక్షల చొప్పున మొత్తం 48 లక్షలు, పని ఏప్రిల్‌లో మొదలు. ప్రతి గ్రామంలోనూ పంచాయతీ తీర్మానం, బోరు, గది, కరెంటు కనెక్షన్, యంత్రం బిగింపు, నీటి పరీక్ష చేయించి పంచాయతీకి అప్పగింత అనే ఆరు దశలు ఉంటాయి. సెప్టెంబరు చివరికి తీర్మానాలు ఆరూ వచ్చాయి, బోర్లు ఆరూ పడ్డాయి, గదులు ఐదు లేచాయి, కరెంటు ఒక్క చోటే వచ్చింది, యంత్రం అక్కడే బిగించారు, అప్పగింత ఎక్కడా జరగలేదు.

ఇప్పుడు శాతాలు కడదాం. ఆరు గ్రామాల్లో ఆరేసి దశలు కలిపి ముప్పై ఆరు, అయినవి పంతొమ్మిది, కాబట్టి పని 53 శాతం పూర్తయినట్టు. ఖర్చు సంగతి ఇంకా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఒకేసారి కొంటే ధర తగ్గుతుందని ఆరు యంత్రాలనూ ముందే 24 లక్షలకు కొని పలాస గోదాములో పెట్టారు, బోర్లకు 7.2 లక్షలు, ఐదు గదులకు 9 లక్షలు, ఐదు కనెక్షన్లకు 60 వేలు అయ్యాయి. మొత్తం 40.8 లక్షలు, అంటే 85 శాతం. సగం సంవత్సరంలో 85 శాతం ఖర్చు, 53 శాతం పని అన్న రెండు వాక్యాలు చదివిన దాత ప్రతినిధి తృప్తిగా ఫైలు మూసేస్తాడు. అదే పనిని మైలురాళ్ల లెక్కలో పెడితే, రెండవ త్రైమాసికం చివరికి మూడు గ్రామాల్లో అప్పగింత జరగాలని ఒప్పుకున్నారు, ఒక్కటీ జరగలేదు. ఆ పథకం వల్ల ఇంతవరకు ఎవరూ ఒక బిందె నీరు పట్టుకోలేదు. రెండు నివేదికల్లోనూ అబద్ధం లేదు. అయితే దాత డబ్బు ఇచ్చింది దేనికో దాని గురించి రెండవది మాత్రమే మాట్లాడుతున్నది.

శాతం పద్ధతికి చోటే లేదని నా ఉద్దేశం కాదు. పైపులైను వేయడం, చెరువు పూడిక తీయడం వంటి పనుల్లో ప్రతి మీటరూ, ప్రతి ఘనపు మీటరూ ఇంచుమించు సమానమే కాబట్టి 60 శాతం అంటే నిజంగా 60 శాతమే. తీర్మానానికీ అప్పగింతకీ సమానమైన మార్కు వేసే చోటనే అది తప్పుదోవ పట్టిస్తుంది.

ఇక అసలు చిక్కు ఆలస్యాన్ని చెప్పే తీరులో ఉన్నది. శాతాల నివేదికలో తేదీలు ఉండవు కనుక, దాని కింద సాధారణంగా ‘వర్షాల వల్ల పనులు మందగించాయి’ అన్న ఒక్క వాక్యం చేరుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ జిల్లాలో వానలు పడతాయని ఏప్రిల్‌లో ప్రణాళిక రాసినప్పుడే అందరికీ తెలుసు కాబట్టి అది సాకు అవుతుందే తప్ప కారణం కాదు. మైలురాళ్ల పట్టిక ముందుంటే ఆ వాక్యం నిలబడదు. గదులు ఐదు లేచినప్పుడు కరెంటు ఒక్క చోటే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పట్టికలోనే కనబడుతుంది. మన ఉదాహరణలో జవాబు ఇలా ఉంటుందనుకోండి: విద్యుత్ పంపిణీ సంస్థ వారు వచ్చి చూసి అంచనా ఇచ్చారు, ఆ సొమ్ము జూన్‌లో కట్టవలసి ఉండగా స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో బిల్లు ఆమోదం ఆలస్యమై ఆగస్టు చివర కట్టారు, అందువల్ల లైను లాగే పని నాలుగు గ్రామాల్లో వెనకబడింది. ఆరవ గ్రామం కథ వేరు; అక్కడ తీర్మానంలో చూపిన స్థలం మీద తగాదా వచ్చి గది మొదలు కాలేదు. మొదటి ఆలస్యానికి మందు సంస్థ చేతిలోనే ఉన్నది, రెండవ దానికి లేదు. ‘వర్షాలు’ అన్న మాట ఈ రెండింటినీ ఒకే గోనెలో కట్టేస్తుంది.

మైలురాళ్ల పద్ధతిలోనూ ఒక మోసానికి దారి ఉన్నది. తేదీ దాటిపోగానే పట్టికలో పాత తేదీ చెరిపి కొత్త తేదీ వేస్తే, వచ్చే నివేదికలో అన్నీ సకాలంలోనే జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి మొదట ఒప్పుకున్న తేదీ, ఇప్పుడు అనుకుంటున్న తేదీ, అయిన తేదీ మూడు గడుల్లో పక్కపక్కనే ఉండాలి, మొదటి గడిని ఎవరూ ముట్టకూడదు. ఇది కేవలం మర్యాద కోసం కాదు. కంపెనీల సీఎస్ఆర్ నిబంధనలకు 2021లో వచ్చిన సవరణ ప్రకారం, ఏళ్ల తరబడి సాగే పథకాలను ఆమోదించిన కాలపట్టికతోనూ, ఏడాదివారీ కేటాయింపుతోనూ పోల్చి పర్యవేక్షించవలసిన బాధ్యత కంపెనీ బోర్డుది, మార్పులు చేసే అధికారమూ బోర్డుదే. నివేదికలో తేదీని తోచినట్టు మార్చే సంస్థ తనది కాని అధికారాన్ని వాడుకుంటున్నట్టు లెక్క.

తరువాతి ప్రణాళిక విషయంలోనూ ఇదే తేడా. శాతాలు రాసేవారు ‘డిసెంబరుకు నూరు శాతం’ అని ముగిస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటిన జిల్లా ఇది. అక్టోబరు, నవంబరు నెలల్లో తీర గ్రామాల్లో స్తంభాలు పాతి లైను లాగే పనిని ఖాళీ రోజులు వదలకుండా లెక్కవేయడం సాహసమే. నేనైతే ఇలా రాస్తాను: కరెంటు వచ్చిన గ్రామంలో అప్పగింత అక్టోబరు 31కి, సొమ్ము కట్టిన నాలుగింటిలో రెండింటికి డిసెంబరు 20కి, మిగతా రెండింటికి ఫిబ్రవరి 15కి, ఆరవ గ్రామంలో నవంబరు 15 లోపు స్థలం తేలకపోతే వేరే గ్రామానికి మార్చేందుకు బోర్డు అనుమతి కోరతాం.

ఆ నవంబరు 15 తేదీ దాత ఆర్థిక విభాగానికి అన్నిటికన్నా ముఖ్యం. స్వచ్ఛంద సంస్థ ఖాతాలో డబ్బు పడినంత మాత్రాన అది ఖర్చయినట్టు కాదు. ఉద్దేశించిన పనికి వినియోగమైందని కంపెనీ ఆర్థికాధికారి ధ్రువీకరించాలి. మార్చి 31 నాటికి మిగిలినది కొనసాగే పథకానిదైతే 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టాలి. ఆరవ గ్రామానికి కొన్న యంత్రం బిగిస్తారా లేదా అన్నది నవంబరులో తెలిస్తే ఆ లెక్కకు వ్యవధి ఉంటుంది, మార్చి చివర తెలిస్తే ఉండదు.