చేసి చూపాలా, నోటితో చెప్పాలా, సాయం పెంచుతూ తగ్గించాలా? తీసివేతల్లో తడబడే పిల్లకు ఏది మేలు

హనుమకొండలో సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే ఆరో తరగతి పిల్ల 503 − 268 వేసి, జవాబు 365 అని రాసిందనుకుందాం. ఇది అజాగ్రత్తతో వచ్చిన తప్పు కాదు. 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసి 5 రాసింది. 0లోంచి 6 పోదు కాబట్టి 6 అలాగే దింపింది. వందల దగ్గర ఇబ్బంది లేదు, 5లోంచి 2 పోతే 3. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడమే ఆ పిల్లకు తెలిసిన పద్ధతి. ఇప్పుడు ట్యూటర్ ముందు మూడు దారులున్నాయి. లెక్క మొత్తం చేసి చూపించడం ఒకటి, ఎలా చేయాలో నోటితో వివరించడం రెండోది, పిల్ల తప్పితే సాయం పెంచి ఒప్పితే తగ్గించడం మూడోది.

ఏ దారి మేలో తేల్చే ముందు పిల్ల ఎక్కడుందో తెలియాలి. టెట్‌కు చదివినవాళ్లందరికీ ‘సామీప్య వికాస మండలం’ అన్న మాట నోటికి వచ్చే ఉంటుంది. ఆ మాట చెప్పిన రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఇచ్చిన ఉదాహరణను మాత్రం చాలామంది మరిచిపోతారు. ఇద్దరు పిల్లలు తమంతట తాము ఎనిమిదేళ్ల స్థాయి లెక్కలే చేయగలరు. కాస్త సాయం అందిస్తే ఒకరు పన్నెండేళ్ల స్థాయి దాకా వెళ్తారు, ఇంకొకరు తొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోతారు. మార్కుల్లో ఇద్దరూ ఒకటే, నేర్పాల్సింది మాత్రం వేరు. ఒంటరిగా చేయగలిగిన దానికీ, సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న ఆ జాగాయే మండలం. సాయాన్ని పెంచుతూ తగ్గిస్తూ నేర్పే మూడో దారికి ఉన్న స్కాఫోల్డింగ్ అన్న పేరును కూడా బిట్ల పుస్తకాల్లో ఆయన ఖాతాలోనే వేస్తుంటారు. ఆయన 1934లోనే చనిపోయాడు. పిల్లలకు నేర్పే విషయంలో ఆ మాటను 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు వాడారు.

కాబట్టి ముందు సాయం చేయకుండా మూడు లెక్కలు ఇవ్వండి: 86 − 32, 52 − 27, 341 − 128. మొదటిది ఒప్పు, రెండోదానికి 35 అని వస్తే, పక్క స్థానం నుంచి తెచ్చుకోవడమే పిల్లకు తెలియదన్నమాట. అలాంటప్పుడు 503 − 268 ఆ పిల్ల మండలానికి బయట ఉన్నట్టే. ఎన్ని సూచనలు ఇచ్చినా దాని మీద పని జరగదు, 52 − 27 దగ్గరికి దిగిరావాలి. మూడూ ఒప్పయి 503 దగ్గరే తప్పితే, అడ్డుపడింది పదుల స్థానంలోని సున్న ఒక్కటే. మన పిల్ల సంగతి ఇదే అనుకుందాం.

చేసి చూపించడం రెండు నిమిషాల పని. పిల్ల తలూపుతుంది, కింద అలాంటి లెక్కే ఇస్తే చేసేస్తుంది కూడా. తెల్లారి చూస్తే మళ్లీ 365 లాంటి జవాబే. పైన 4, 9, 13 అని రాసింది ట్యూటర్. ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందో పిల్ల ఒక్కసారీ ఆలోచించాల్సిన పని పడలేదు.

నోటితో చెప్పడం తడబడే పిల్లకు ఇంకా కష్టం. ‘పదుల్లో ఏమీ లేదు కాబట్టి వందల నుంచి తెచ్చుకుని, అందులోంచి ఒకటి ఒకట్లకు ఇవ్వాలి’ అన్న వాక్యం లెక్క వచ్చినవాడికే అర్థమవుతుంది. రానివాడు వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలా, అంకెలను చూడాలా?

మూడో దారికి ఐదు మెట్లు. వుడ్, మిడిల్‌టన్ 1975లో, తల్లులు చిన్నపిల్లలకు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టడం నేర్పుతుంటే గమనించి చెప్పిన మెట్లివి. తీసివేతకు మార్చుకుంటే ఇలా ఉంటాయి. మొదటిది ఊరికే ఆలోచింపజేసే మాట, ‘మళ్లొకసారి చూడు’ అన్నట్టు. రెండోది ఫలానా దాని గురించి అడగడం. మూడోది పెన్సిల్‌తో ఆ స్థానాన్ని చూపించడం. నాలుగోది సగం పని మనం చేసి మిగతాది వదలడం. ఐదోది పూర్తిగా చేసి చూపడం. నియమం ఒక్కటే: తప్పితే ఒక మెట్టు సాయం పెంచాలి, ఒప్పితే ఒక మెట్టు తగ్గించాలి. 1978లో ఇదే పిరమిడ్‌తో నాలుగు రకాల బోధనను పోల్చి చూసినప్పుడు, ఈ నియమంతో నేర్చుకున్న పిల్లలే తర్వాత ఒంటరిగా బాగా కట్టగలిగారు.

503 దగ్గర ఇది ఇలా నడుస్తుంది.

‘ఒకట్ల కాడ మళ్లొకసారి చూడు బిడ్డా.’
‘ఎనిమిదిల మూడు పోతె ఐదు సార్.’
తప్పింది, ఒక మెట్టు పెంచాలి. ‘నీ దగ్గర ఉన్నయెన్ని, ఇయ్యాల్సినయెన్ని?’
‘ఉన్నయి మూడు, ఇయ్యాల్సినయి ఎనిమిది. సాలయ్ సార్. పక్కన తెచ్చుకోవాలె… పక్కన సున్న ఉన్నది.’

సగం ఒప్పింది, సున్న దగ్గర ఆగింది. ఇక్కడే చాలామంది ట్యూటర్లు తొందరపడి ‘అయితే వందల నుంచి తెచ్చుకో, ఇక్కడ తొమ్మిది రాయి’ అనేస్తారు. అలా అనకుండా మనసులో పది దాకా లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే పెన్సిల్ 5 మీద పెట్టండి. అదీ చాలకపోతే నాలుగో మెట్టు: ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ముందు పెట్టి, ఒక వంద నోటును మీరే పది పది రూపాయల నోట్లుగా చిల్లర చేసి ఆగిపోండి. ఆ పదింట్లో ఒకదాన్ని రూపాయలుగా మార్చడం పిల్ల పని. నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు మిగులుతాయి. ఇప్పుడు 9 ఎక్కడి నుంచి వచ్చిందో చేతికి తెలుస్తుంది. జవాబు 235.

వెంటనే 604 − 237 ఇవ్వండి, కానీ ఈసారి నోట్లు తీయకండి. పిల్ల ఆగిపోతే పెన్సిల్ చూపించడంతో సరిపెట్టాలి. దాని తర్వాతి 700 − 456కు ‘నీ దగ్గర ఉన్నయెన్ని?’ అన్న ప్రశ్న ఒక్కటే. సాయం తగ్గడం లేదంటే అది స్కాఫోల్డింగ్ కాదు. ఆ ఇంగ్లిష్ మాటకు అర్థం గోడ కట్టేవాళ్లు నిలబడే పరంజా. మనకైతే స్లాబ్ కింది సెంట్రింగ్ ఇంకా బాగా సరిపోతుంది: ముందే తీస్తే స్లాబ్ కూలుతుంది, ఎప్పటికీ తీయకపోతే ఆ గదిలో కాపురం ఉండలేం.

ఈ పద్ధతీ చెడిపోవచ్చు. ప్రశ్నలు ఇరుకు చేసుకుంటూ పోయి, చివరికి ‘పదమూడులో ఎనిమిది పోతే ఎంత?’ అని అడిగితే పిల్ల ఐదని చెబుతుంది, లెక్క మాత్రం మీరు చేసినట్టే. అంకె రాసిన ప్రతిసారీ పిల్ల పెన్సిల్ ఎత్తి మీ మొహం చూస్తోందంటే అదే గుర్తు. ఇంకొకటి, ‘సున్న ఉంటే తొమ్మిది’ అని పిల్ల బట్టీ పట్టి ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడానికి 530 − 214 ఇవ్వండి. ఇక్కడ సున్న ఒకట్లలో ఉంది, అది పది అవుతుంది, జవాబు 316. బట్టీ పట్టిన పిల్ల అక్కడా 9 వేసి 315 అంటుంది. ఈ పరీక్ష అదే రోజు కాకుండా మర్నాడు, నోరు మెదపకుండా పెట్టాలి.

అందుకే పక్కన కూర్చుని ఒక్కరికి చెప్పేటప్పుడు మూడో దారే మేలు. అలాగని చేసి చూపడాన్ని పూర్తిగా వదిలేయలేం. సున్న దాటి వందల నుంచి తెచ్చుకోవడం అసలు చూడని పిల్లకు సూచనలు ఇస్తూ పోతే అది ఊహల ఆటే అవుతుంది. అలాంటి పిల్లకు ముందు 402 − 157 లాంటిది ఒకటి పూర్తిగా చేసి, 245 వచ్చేదాకా ప్రతి అంకె చెబుతూ చూపాలి. తర్వాత వేరే లెక్కతో మెట్లు మొదలుపెట్టాలి. ఒకేసారి పదిహేనుమంది ముందు కూర్చుంటే ఒక్కొక్కరి మెట్టు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అప్పుడు బోర్డు మీద ఒకటి చేసి చూపండి, రెండోదాన్ని సగం చేసి వదలండి, మూడోది వాళ్లకే ఇవ్వండి. మూడోదాంట్లో ఆగిపోయిన ఇద్దరు ముగ్గురి దగ్గరికే మెట్లు పట్టుకుని వెళ్లండి.