ఫోటో పంపితే గంటలో Vmax, Km తీసిస్తామనే పది గ్రాఫుల ప్యాక్ కొనకండి

లైఫ్ సైన్సెస్ నెట్‌కి చదివేవాళ్లకి ఆ ఛానల్ ఏదో తెలుసు, పేరు రాయను. 499 రూపాయలకి పది గ్రాఫులు. ఎంజైమ్ కైనెటిక్స్ గ్రాఫ్‌ని ఫోనుతో ఫోటో తీసి పంపితే చాలట, చేతిరాత సొల్యూషన్ వస్తుందట. వచ్చింది కూడా, గంట కాదు, నలభై నిమిషాల్లోనే. ఎందుకంత తొందరగా వచ్చిందో కింద చదివితే మీకే తెలుస్తుంది.

పంపింది మామూలు డబుల్ రెసిప్రోకల్ ప్లాట్, అంటే లైన్‌వీవర్-బర్క్ గీత. ఎక్స్ యాక్సిస్ మీద 1/[S], వై యాక్సిస్ మీద 1/v. సబ్‌స్ట్రేట్ మిల్లీమోలార్‌లో, రేటు నిమిషానికి మైక్రోమోల్‌లలో. నాలుగు చుక్కలు, వాటి మీదుగా ఒక సరళరేఖ. ఎక్స్ విలువలు 2, 4, 5, 10. వాటికి వై విలువలు 0.04, 0.06, 0.07, 0.12. ఇంతకంటే శుభ్రమైన గ్రాఫ్ ఇంకోటి ఉండదు.

వాళ్లిచ్చిన జవాబు: Vmax = 25.00, Km = 0.250. రెండు మూడు దశాంశ స్థానాలు చూసి ఎంత జాగ్రత్తగా చేశారో అనుకున్నాను. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి. అసలు జవాబు Vmax 50, Km 0.5. రెండూ సరిగ్గా సగం పడ్డాయి.

తప్పు ఎక్కడంటే, ఆ గ్రాఫ్‌లో ఎడమ పక్కన నిలబడ్డ గీత సున్నా దగ్గర లేదు, 2 దగ్గర ఉంది. చుక్కలు 2 నుంచి మొదలవుతున్నాయి కదా అని చోటు కలిసొచ్చేలా అచ్చేసిన గ్రాఫ్ అది. చాలా పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది. పైగా ఫోటోలో ఆ మూల మీద నీడ పడింది, కింద రాసిన 2 అంకె మసగ్గా కనిపిస్తోంది. ఆ మహానుభావుడు దాన్ని చూడలేదు, లేదా చూసే అవసరం లేదనుకున్నాడు. నిలువు గీతని ఎరుపు రేఖ తాకిన చోట 0.04 ఉంది, దాన్ని తలకిందులు చేస్తే 25, అయిపోయింది. తర్వాత రేఖని ఎడమకి కిందకి పొడిగించి, అడుగు గీతని తాకేదాకా నిలువు గీత నుంచి ఎన్ని గడులో లెక్కపెట్టాడు. నాలుగు వచ్చాయి. 1/4 అంటే 0.25. పని పూర్తి.

సమీకరణం తెలియక కాదు, సొల్యూషన్ మొదటి లైన్‌లో అందంగా రాశాడు:

```
1/v = (Km/Vmax) × (1/[S]) + 1/Vmax
```

ఇందులో చివరి ముక్క 1/Vmax ఒక్కటే ఎప్పుడు మిగులుతుంది? 1/[S] సున్నా అయినప్పుడు. గ్రాఫ్ ఫ్రేమ్ ఎడమ అంచు దగ్గర కాదు. సున్నా ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి, తర్వాతే ఇంటర్‌సెప్ట్ అనే మాట ఎత్తాలి.

ఇక్కడ ఇంకో దగా ఉంది, మామూలుగా చేసే చెకింగ్‌కి ఇది దొరకదు. చాలామంది స్లోప్ విడిగా తీసి, దాన్ని Km/Vmax తో పోల్చి సరిపోయింది అనుకుంటారు. స్లోప్ (0.12 - 0.04) / (10 - 2), అంటే 0.01. ఆయన జవాబుతో 0.25/25 వేసినా 0.01 వస్తుంది. అసలు జవాబుతో 0.5/50 వేసినా 0.01 వస్తుంది. నిలువు గీతని ఎంత పక్కకి జరిపినా రేఖ వాలు మారదు కాబట్టి ఈ పరీక్ష తప్పుడు జవాబుని కూడా పాస్ చేసేస్తుంది. సొల్యూషన్ కింద ‘Verified’ అని ముద్ర కూడా కొట్టాడు, దీన్ని చూసే కొట్టి ఉంటాడు.

పట్టించేది ఒక్కటే. వచ్చిన Vmax, Km లతో ఏదో ఒక చుక్క దగ్గర రేటు మళ్లీ లెక్కకట్టి చూడాలి, v = Vmax × [S] / (Km + [S]). మొదటి చుక్క ఎక్స్ విలువ 2, అంటే [S] 0.5 మిల్లీమోలార్. ఆయన లెక్క ప్రకారం 25 × 0.5 / 0.75, దాదాపు 16.7. గ్రాఫ్ ఏమంటోంది? 1/0.04, అంటే 25. అసలు విలువలతో వేస్తే 50 × 0.5 / 1.0, సరిగ్గా 25. అర నిమిషం పని.

ఇదే వాళ్లకి మెసేజ్ పెట్టాను, చాలా మర్యాదగా. “సార్, మీ Vmax 25 కదా, మొదటి చుక్క దగ్గర రేటు కూడా 25 వస్తోంది, ఎలా సార్?” అని.

వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా: “అందుకే కదా దాన్ని మ్యాక్సిమం అంటారు. ముందు బేసిక్స్ రివైజ్ చేస్కోండి 👍”

ఆ బొటనవేలు చూసి ఒళ్లు మండిపోయింది. మైకేలిస్-మెంటెన్ వక్రం Vmax కి దగ్గరవుతూ పోతుందే తప్ప దాన్ని ముట్టుకోదు. సబ్‌స్ట్రేట్ Km కి పది రెట్లు పోసినా రేటు 91 శాతమే అవుతుంది. ఈయన Km ప్రకారమే చూసినా 0.5 మిల్లీమోలార్ అంటే రెండు రెట్లు, అక్కడ మూడింట రెండు వంతుల రేటు ఉండాలి. అక్కడికక్కడే వంద శాతం వచ్చేసిందంటే ఎంజైమ్ ఆయన మాట విని పరిగెత్తిందన్నమాట. ఇదే రాసి, డబ్బు వాపసు అడిగాను. బ్లాక్. తొమ్మిది గ్రాఫులు ఇంకా మిగిలే ఉన్నాయి, వాటిని ఏ దేవుడికి పంపాలో తెలియదు.

సరే, డబ్బు పోయింది. ఇలాంటి ఫోటో మీ చేతికొస్తే మీరే చేసుకోండి, పెద్ద విద్య కాదు. ఫోటోని ఏ మామూలు ఇమేజ్ ఎడిటర్‌లో తెరిచినా కర్సర్ ఉన్న చోట పిక్సెల్ నంబర్ చూపిస్తుంది. ఎక్స్ యాక్సిస్ మీద దూరదూరంగా ఉన్న రెండు గుర్తులు తీసుకోండి. నా ఫోటోలో 2 అనే గుర్తు అడ్డంగా 180వ పిక్సెల్ దగ్గర, 10 అనే గుర్తు 980 దగ్గర ఉన్నాయి. ఎనిమిది యూనిట్లకి 800 పిక్సెల్‌లు, యూనిట్‌కి వంద. అయితే సున్నా ఎక్కడ? 180 నుంచి 200 వెనక్కి, మైనస్ 20. అంటే సున్నా ఫోటోలోనే లేదు! ఫోటోలో లేని చోట రేఖ తాకిన బిందువుని ఎవరైనా కంటితో ఎలా చదువుతారు? లెక్కతోనే తీయాలి.

వై వైపు కూడా ఇలాగే. 0 గుర్తు నిలువుగా 900 దగ్గర, 0.12 గుర్తు 180 దగ్గర ఉన్నాయి, కాబట్టి 0.01 కి 60 పిక్సెల్‌లు. కింద సున్నా ఉందా లేదా అన్నది ఇక్కడ కూడా చూసుకోవాలి, ఈ గ్రాఫ్‌లో ఉంది. ఇక రేఖ మీద రెండు చివర్ల విలువలు చదివి స్లోప్ తీసి, 2 దగ్గరి విలువ నుంచి స్లోప్‌కి రెండింతలు తీసేయండి. 0.04 - 0.02 = 0.02. తలకిందులు చేస్తే 50. స్లోప్‌ని 50 తో గుణిస్తే Km 0.5. రేఖని కాగితం మీద పొడిగించి అడుగు గీతని తాకించే పని కూడా తప్పుతుంది. కాదు, తాకించే చూస్తాం అంటే అది -2 దగ్గర తాకాలి, నిలువు గీత నుంచి నాలుగు గడుల దూరంలో. ఆ నాలుగునే కదా ఆయన -4 అనుకున్నది.

ఫోటో వంకరగా ఉంటే ఇంకో తిప్పలు. 2 డిగ్రీలు వాలితే కంటికి తెలియను కూడా తెలియదు, కానీ 800 పిక్సెల్‌ల దూరంలో అది 28 పిక్సెల్‌ల తేడా. ఈ స్కేల్‌లో అది 0.0047 దాకా వస్తుంది, మనం వెతికే 1/Vmax విలువే 0.02 అయితే అది చిన్న తేడా కాదు. ముందు గ్రాఫ్ అడుగు గీత సరిగ్గా అడ్డంగా వచ్చేదాకా ఫోటోని తిప్పండి. పుస్తకం మధ్య మడత దగ్గర పేజీ వంగిపోయి ఉంటే తిప్పినా లాభం లేదు, పేజీని బల్లమీద నొక్కిపెట్టి పైనుంచి నిట్టనిలువుగా మళ్లీ తీయడమే.

ఎంత జాగ్రత్తగా చేసినా 25.00 లాంటి జవాబు రాయకండి. ఇంటర్‌సెప్ట్ చదవడంలో 12 పిక్సెల్‌లు అటూ ఇటూ అయితే 0.018 నుంచి 0.022 మధ్య ఎక్కడైనా పడుతుంది, అప్పుడు Vmax 45 నుంచి 56 దాకా ఊగుతుంది. చిన్న సంఖ్యని తలకిందులు చేస్తున్నాం, ఊగక ఏం చేస్తుంది? కుడి చివర చుక్కతోనూ ఇదే బాధ. అక్కడ రేటు 8.33. కొలతలో అర యూనిట్ అటూ ఇటూ అయితే వై విలువ 0.113 నుంచి 0.128 దాకా జరుగుతుంది. అదే అర యూనిట్ తేడా 25 రేటున్న చుక్క దగ్గర వస్తే 0.039, 0.041 మధ్యే ఉంటుంది. కుడివైపు చుక్క రేఖకి దూరంగా ఎగిరిపడి కనిపిస్తే దానికోసం రేఖని వంచకండి. ఎడమ చుక్కల మాటే ఎక్కువ వినాలి.

కొనేశాం, ఇప్పుడేం చేయాలి అనేవాళ్లకి: సొల్యూషన్ రాగానే నిలువు గీత కింద ఏ అంకె ఉందో చూడండి, ఒక చుక్క దగ్గర రేటు మళ్లీ కట్టి చూడండి. తప్పు దొరికితే వాళ్లతో వాదన పెట్టుకోకముందే చాట్ స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు దాచుకోండి. నాకు ఆ బుద్ధి బ్లాక్ చేశాక వచ్చింది.

అన్నట్టు ఆ ప్యాక్‌తో ఇన్‌హిబిటర్ గ్రాఫులు చేయించుకున్నవాళ్లు వెంటనే మళ్లీ చూసుకోండి. కాంపిటీటివ్ అయితే రెండు రేఖలు కలిసేది 1/[S] సున్నా దగ్గర. పైన చెప్పిన రేఖకే Km ఒకటి అయ్యేలా కాంపిటీటివ్ ఇన్‌హిబిటర్ కలిపితే, 2 దగ్గరున్న నిలువు గీత మీద ఒక రేఖ 0.04 కి, ఇంకోటి 0.06 కి తగులుతాయి. అసలు కలిసేది దానికి ఎడమన, ఎత్తు 0.02 దగ్గర, ఫోటోలో లేని చోట. నిలువు గీతనే సున్నా అనుకుంటే, దానికి ఎడమగా, అడుగు గీతకి పైన కలుస్తున్నాయి కాబట్టి “మిక్స్‌డ్” అని రాసేస్తారు. వాళ్ల శాంపిల్ పేజీలో అలాంటి “మిక్స్‌డ్” ఒకటి ఉంది, ఆ గ్రాఫ్ నిలువు గీత కింద ఏ అంకె ఉందో జూమ్ చేసి చూడండి.