మూడు మూలల స్థలం కొంటున్నారా? ఫోటోలో ఉన్న మూడు కొలతలతో ముందు మీరే లెక్క వేసుకోండి

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్లే దారిలో ఒక చిన్న స్థలం కోసం పోయిన నెల నేను యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఆ డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. స్థలం కాగితాల్లో దొంగతనమేమీ లేదు, యజమాని కూడా అసలు యజమానే. తేడా అంతా విస్తీర్ణంలో ఉంది. 277 గజాలు అన్నారు, కొలిస్తే 198 వచ్చింది. గజం పన్నెండు వేలు. అంటే లేని భూమికి తొమ్మిదిన్నర లక్షలు కట్టబోయాను.

లేఅవుట్ చివర రోడ్డు ఏటవాలుగా పోవడంతో మిగిలిన మూడు మూలల ముక్క అది. నేను ఊళ్లో లేను. బ్రోకర్ టేపు పట్టించి వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపాడు. తూర్పు 52 అడుగులు, ఉత్తరం 78, దక్షిణం రోడ్డు వైపు 114. పడమర వైపు హద్దు లేదు, అక్కడ మూల మాత్రమే. ఫోటోల్లో అంకెలు స్పష్టంగా కనబడుతున్నాయి కదా అని నమ్మి డబ్బు పంపేశాను. డ్రాఫ్ట్ దస్తావేజు వచ్చాక చూస్తే షెడ్యూల్‌లో తూర్పు 52, పడమర 0, ఉత్తరం 78, దక్షిణం 114, విస్తీర్ణం 277 గజాలు అని రాసి ఉంది.

ఆ 277 ఎలా వచ్చిందంటే, తూర్పు పడమరల సగటు తీశారు: 52, సున్నా కలిపి సగం చేస్తే 26. ఉత్తర దక్షిణాల సగటు తీశారు: 78, 114 కలిపి సగం చేస్తే 96. ఆ రెండూ హెచ్చిస్తే 2,496 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 277 గజాలు. "ఏటి బాబూ, ఇక్కడ అందరం ఇలాగే కొలుస్తాం" అన్నాడు బ్రోకర్. అతను అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. నాలుగు వైపులా దాదాపు చదరంగా ఉండే స్థలానికి ఈ సగటు లెక్క పెద్ద తేడా రానివ్వదు. అందుకే అందరికీ అలవాటైపోయింది. క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు ఈ సగటు పద్ధతిని స్థూలమైన లెక్క అని చెప్పి, సూక్ష్మమైన లెక్కను వేరుగా ఇచ్చాడు. త్రిభుజం దగ్గరికి వచ్చేసరికి ఈ స్థూలం మరీ స్థూలమైపోతుంది.

కారణం సులువే. త్రిభుజ వైశాల్యం అంటే ఒక భుజంలో సగాన్ని దాని ఎత్తుతో హెచ్చించాలి. ఎత్తు అంటే ఎదుటి మూల నుంచి ఆ భుజం మీదికి నిటారుగా వచ్చే దూరం. సగటు లెక్కలో ఆ ఎత్తు స్థానంలో రెండు ఏటవాలు భుజాల సగటు పెడుతున్నారు. ఏటవాలు గీత నిటారు గీత కంటే ఎప్పుడూ పొడవే కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ కొనేవాడికి నష్టంగానే వస్తుంది. నా స్థలంలో తూర్పు భుజానికి అసలు ఎత్తు 69 అడుగుల లోపే. వాళ్లు వాడింది 96.

తొమ్మిదో తరగతిలో చదువుకున్న హెరాన్ సూత్రానికి ఎత్తుతో పని లేదు, మూడు భుజాలు చాలు. నాలుగు భుజాల స్థలానికి ఈ సౌకర్యం లేదు. అవే నాలుగు కొలతలతో స్థలం వంగి సన్నబడవచ్చు. మూడు భుజాలు కుదిరాయంటే మాత్రం త్రిభుజం ఒక్కటే, వైశాల్యం ఒక్కటే. మూడు భుజాలు a, b, c అనుకుంటే, మూడూ కలిపి సగం చేస్తే s. తర్వాత ఇది:

```
√( s × (s−a) × (s−b) × (s−c) )
```

ఫోటోల్లోని కొలతలే వేశాను. 52, 78, 114 కలిపితే 244, సగం 122. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 70, 44, 8. ఈ నాలుగూ హెచ్చిస్తే 30,06,080. వర్గమూలం సుమారు 1,734 చదరపు అడుగులు, అంటే 193 గజాలు. ఫోన్ కాలిక్యులేటర్‌లో రెండు నిమిషాల పని. అడ్వాన్స్ పంపే ముందు ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

ఆదివారం మా బావను తీసుకుని టేపుతో వెళ్లాను. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. తూర్పు, ఉత్తరం సరిగ్గానే ఉన్నాయి. రోడ్డు వైపు మాత్రం 112 అడుగుల 5 అంగుళాలే వచ్చింది. వాళ్ల టేపు 30 మీటర్లది. దాన్ని అందరూ వంద అడుగుల టేపు అంటారు. ఒక నిండు టేపు, ఇంకో 14 అడుగులు కలిపి 114 అని రాసుకున్నారు. 30 మీటర్లంటే 98 అడుగుల 5 అంగుళాలే. మూడో ఫోటోలో కనబడిన 14 నిజమే, దానికి ముందున్న వంద నిజం కాదు. టేపు సున్నా ఎక్కడ పెట్టారో, మధ్యలో మేకు ఎక్కడ కొట్టారో ఒక్క ఫోటోలోనూ లేదు.

సరైన కొలతతో మళ్లీ వేస్తే 1,785 చదరపు అడుగులు, 198 గజాలు వచ్చింది. గమనించండి, రోడ్డు వైపు కొలత తగ్గితే స్థలం పెరిగింది. హెరాన్ లెక్కలో వాళ్ల పొరపాటు వాళ్లకే ఐదు గజాలు తగ్గించింది, ఆ మాట కూడా చెప్పాలి. ఎదుటి కోణం బాగా విచ్చుకున్న స్థలంలో ఇలాగే జరుగుతుంది. మిగతా రెండూ అలాగే ఉండి పొడవు భుజం ఇంకా పెరుగుతూ పోతే స్థలం పలచబడుతుంది. 52, 78 కలిపితే 130. రోడ్డు వైపు 130 వచ్చిందంటే అక్కడ స్థలమే ఉండదు, గీత మాత్రమే. కాబట్టి "రోడ్డు ఫేసింగ్ 114 అడుగులండీ" అనే మాటకు పొంగిపోకండి. s లోంచి పొడవు భుజం తీసేస్తే మిగిలే అంకె, నా లెక్కలో ఆ 8, ఎంత చిన్నదైతే కొలతలో పొరపాటుకు అంత పెద్ద తేడా వస్తుంది. నా స్థలంలో రోడ్డు వైపు ఒక్క అడుగు తేడా అంటే మూడున్నర గజాలు పైనే, డబ్బులో నలభై వేలు పైనే.

ఇంకొకటి, 112 అడుగుల 5 అంగుళాలను కాలిక్యులేటర్‌లో 112.5 అని కొట్టకండి. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి అది 112.42. ఫోటోలో టేపు మీటర్ల వైపు ఉందా, అడుగుల వైపు ఉందా అన్నది కూడా చూడండి.

స్థలం దగ్గర ఉన్నప్పుడు సరిచూసుకునే దారి ఒకటుంది. పొడవు భుజం మీద టేపు పరిచి ఉంచి, ఎదుటి మూల నుంచి ఇంకో టేపు దాని వైపు లాగి అటూ ఇటూ జరపండి. ఎక్కడ అన్నిటికంటే తక్కువ చూపిస్తే అదే ఎత్తు. మాకు 31 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. 112.42ని 31.75తో హెచ్చించి సగం చేస్తే మళ్లీ 1,785కి అడుగు అటూ ఇటూగా వచ్చింది. రెండు దారుల్లో ఒకే అంకె వచ్చాకే నాకు టెన్షన్ తగ్గింది. ఇదంతా హద్దులు మూడూ తిన్నగా ఉంటేనే. రోడ్డు వైపు గీత వంపు తిరిగి ఉంటే హెరాన్ సూత్రం ఆ వంపును లెక్కలోకి తీసుకోదు, సర్వేయర్‌తో కొలిపించాల్సిందే.

198 గజాలకే డబ్బిస్తానన్నాను. "మొత్తంగా రేటు మాట్లాడుకున్నాం, గజాల లెక్క కాదు" అన్నారు. అడ్వాన్స్ రసీదు మీద విస్తీర్ణం లేదు, గజం రేటూ లేదు. మీరు ఇచ్చేటప్పుడు మూడు భుజాల కొలతలు, గజం రేటు, "కొలిచాక వచ్చిన గజాలకే" అన్న మాట రాయించుకోండి. అదే స్థలం నిన్న మళ్లీ అమ్మకానికి పెట్టారు, అవే మూడు ఫోటోలతో, 277 గజాలనే.