ఔటర్ రింగ్ రోడ్డులో ఆఫీసు, ఇల్లెక్కడ? సైకిల్, బస్సు, బండి – ఏది మేలు?

బెంగళూరులో కొత్తగా ఉద్యోగం వచ్చిన మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? బీటీఎంలోనా, మారతహళ్లిలోనా, సర్జాపూర్ రోడ్డు వైపా? ఈమధ్య మా పిన్ని కొడుక్కి బెళ్ళందూరు దగ్గర ఎకోస్పేస్ టెక్ పార్కులో ఉద్యోగం వచ్చింది. వాడితో కూర్చుని లెక్క వేశాను కాబట్టి ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

వాడి మాట ఇది: "అన్నయ్యా, బీటీఎంలో అయితే మన ఫ్రెండ్సంతా ఉన్నారు. ఆంధ్రా మెస్‌లున్నాయి, కర్రీ పాయింట్లున్నాయి. మ్యాప్‌లో చూస్తే పది కిలోమీటర్లే, అరగంట."

ఆ అరగంట దగ్గరే నాకు అభ్యంతరం. ఫ్లాట్లు చూడ్డానికి అందరం ఆదివారం వెళ్తాం. ఓనర్లు ఇంట్లో ఉండేది, బ్రోకర్ తీరిగ్గా తిప్పేది ఆ రోజే. ఆదివారం పదకొండింటికి ఈ దారిలోని సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి చూస్తే ఎవరికైనా అరగంటే పడుతుంది. అదే జంక్షన్ మంగళవారం పొద్దున తొమ్మిదికి వేరే ఊరిలా ఉంటుంది. పైగా ఇక్కడ అద్దె ఇల్లంటే ఐదారు నెలల అద్దె అడ్వాన్సుగా కట్టడం, పదకొండు నెలల అగ్రిమెంటు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె కోత మామూలే. తప్పు చోట దిగితే ఏడాది దాకా కదల్లేం.

అందుకే నేను సగటు ప్రయాణ సమయాన్ని చూడను. చెడ్డ రోజు ఎంత పడుతుందో చూస్తాను. తొమ్మిదిన్నరకి లాగిన్ ఉంటే, ఇంట్లోంచి బయల్దేరే టైము నిర్ణయించేది ఆ చెడ్డ రోజే. నలభై నిమిషాల్లో చేరిన రోజులు ఎన్నున్నా, వారానికి ఒకసారి గంటన్నర పట్టే దారి అయితే రోజూ గంటన్నర ముందే బయల్దేరాలి. లేదంటే రోజూ టెన్షన్. మంచి రోజుకీ చెడ్డ రోజుకీ మధ్య తేడా ఎంతన్నదే ఈ మూడు వాహనాల్లో ఏది మేలో చెబుతుంది.

ముందు బస్సు. బీటీఎం రెండో స్టేజీ నుంచి ఎకోస్పేస్‌కి 500 సిరీస్ బస్సులున్నాయి. సిల్క్ బోర్డ్ దాకా ఎలాగోలా వెళ్తే అక్కడినుంచి హెబ్బాళ్ వైపు పోయే 500డి దొరుకుతుంది. బస్సులకు కొదవ లేని రూటే అది. అయినా సమయం నాలుగు ముక్కలవుతుంది. స్టాపు దాకా నడక ఎనిమిది నిమిషాలు అనుకుందాం. ఎక్కగలిగే బస్సు కోసం ఎదురుచూపు ఐదు నుంచి ఇరవై. బస్సులో ముప్పై ఐదు నుంచి యాభై ఐదు. దిగాక స్కైవాక్ ఎక్కి, గేటు దాటి, లిఫ్టు దాకా పది. మంచి రోజు 58 నిమిషాలు, చెడ్డ రోజు 93.

ఎదురుచూపు అంత పెరగడానికి బస్సులు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. ట్రాఫిక్‌లో ఒక బస్సు ఆలస్యమైతే దాని స్టాపుల్లో జనం పోగవుతారు, ఎక్కించుకునేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనకది దాన్ని అందుకుంటుంది. పావుగంట ఒక్కటీ రాదు, ఆ తర్వాత మూడు వరసగా వస్తాయి. మొదటిది కిక్కిరిసి ఉంటుంది. కొంచెం ఓపిక పడితే మూడో దాంట్లో నిలబడే చోటైనా దొరుకుతుంది. నమ్మ బీఎంటీసీ యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది గానీ, అందులో చోటుందో లేదో కనిపించదు. మధ్యలో బస్సు మారాల్సి వస్తే ఈ అనిశ్చితి రెండుసార్లు భరించాలి. కాబట్టి బస్సును నమ్ముకుని ఇల్లు తీసుకుంటే రెండు షరతులు పెట్టుకోండి. బస్సు మారకుండా నేరుగా వెళ్లాలి, రూటు మొదలయ్యే చోటికి దగ్గర్లో ఎక్కాలి. అప్పుడు సీటు దొరుకుతుంది. సీటు దొరికిన గంటకీ, వేలాడిన గంటకీ పోలికే లేదు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. కానీ అది కర్ణాటక నివాసులకే. కండక్టర్ అడిగితే ఇక్కడి అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. కర్నూలు అడ్రసున్న ఆధార్ పనికిరాదు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక బండి. బీటీఎం నుంచి అదే దారిలో రోడ్డు మీద ముప్పై నుంచి యాభై నిమిషాలు, బేస్‌మెంట్‌లో పార్కింగ్, లిఫ్టు కలిపి ఇంకో ఎనిమిది. మంచి రోజు 38, చెడ్డ రోజు 58. బస్సు కంటే ఎంతో మేలు. ఎదురుచూపు లేదు, కార్ల సందుల్లోంచి ముందుకు పోవచ్చు. అయితే ఆ సందు ఉన్నంతవరకే ఆ లాభం. మెట్రో పనుల బారికేడ్లతో రోడ్డు ఇరుకైన చోట, వాన నీళ్లు నిలిచిన చోట బండి కూడా కార్ల వెనకే. నగరం బయటివైపు ఫ్లాట్లు చూసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రైల్వే గేటు, రైలు కట్ట కింద ఇరుకు దారి, చెరువు కట్ట మీది రోడ్డు, ఈ మూడింట్లో ఏదైనా మీ దారిలో ఉంటే మ్యాప్‌లోని కిలోమీటర్లను నమ్మకండి. అందరూ ఆ ఒక్క గొంతులోంచే దూరాలి.

ఊరినుంచి బండి తెచ్చుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు వేయించుకోవాలి. అంటే మన ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్.

ఇప్పుడు సైకిల్. నా మొగ్గు ఇటే, దాచడం లేదు. మా వాడికి నేను చూపించిన రెండో ఇల్లు కసవనహళ్లిలో. ఎకోస్పేస్‌కి సుమారు ఐదు కిలోమీటర్లు. కైకొండ్రహళ్లి చెరువు దగ్గర సర్జాపూర్ రోడ్డు దాటితే, ఆపై చాలావరకు లోపలి రోడ్లే. ఆయాసపడకుండా తొక్కితే గంటకు 13 కిలోమీటర్లు వెళ్తాం. అంటే 23 నిమిషాలు, చెడ్డ రోజు 27. ఆఫీసులో ముఖం కడుక్కుని చొక్కా మార్చుకోడానికి పన్నెండు. మొత్తం 35 నుంచి 39.

ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. నాలుగు నిమిషాలు. రోడ్డంతా ఆగిపోయినా సైకిల్ దిగి ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ పోవచ్చు. యూటర్న్ కోసం కిలోమీటరు ముందుకు పోనక్కర్లేదు, దిగి రోడ్డు దాటితే సరి. సైకిల్ మీద చెడ్డ రోజుకీ మంచి రోజుకీ పెద్ద తేడా ఉండదు.

చెమట పడుతుంది కదా అని అందరూ అడుగుతారు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున తొమ్మిదిలోపు మన విజయవాడ ఎండ ఇక్కడ ఉండదు. చెమట పట్టించేది ఎండకన్నా ఎత్తు ఎక్కడమే. ఈ ఊరు చదునుగా ఉండదు. ఒక చెరువు నిండి కింది చెరువులోకి పారేలా గొలుసుగా కట్టిన చెరువుల ఊరు ఇది. కసవనహళ్లి, కైకొండ్రహళ్లి వైపు నీళ్లు చివరికి బెళ్ళందూరు చెరువుకే చేరతాయి. నీళ్లు వెళ్లే వైపు వెళ్తే మనకూ పల్లమే. అంటే పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు పల్లం, ఇంటికి వచ్చేటప్పుడు ఎత్తు. ఇంటికొచ్చాక ఎలాగూ స్నానం చేస్తాం. ఇల్లు వెతికేటప్పుడు ఆఫీసుకంటే ఎగువన ఉండేలా చూసుకోండి. ఫోన్ మ్యాప్‌లో చెరువులూ కాలువలూ చూస్తే ఎగువేదో దిగువేదో తెలిసిపోతుంది.

సైకిల్‌కి హద్దులు లేకపోలేదు. ఏడు కిలోమీటర్లు దాటితే రోజూ తొక్కడం చాలామంది వల్ల కాదు. దారిలో ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీద ఎక్కువ దూరం పోవాల్సి వస్తే నేను వద్దంటాను. అక్కడ బస్సు స్టాపులోకి ఎడమకి కోసే క్షణం ప్రమాదం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం వానలు ఎక్కువ, పొద్దున పూట చాలావరకు పొడిగానే ఉంటుంది. ఆఫీసులో సైకిల్‌కి తాళం వేసే చోటుందా, చొక్కా మార్చుకునే గది ఉందా అన్నది ముందే కనుక్కోవాలి. రాత్రి షిఫ్టు అయితే లోపలి రోడ్ల వీధి కుక్కలతో ఇబ్బందే.

మా వాడు వెంటనే పట్టుకున్నాడు: "కసవనహళ్లి నుంచి బండి మీద వెళ్తే ఇంకా తొందరగా పోతాం కదా?" నిజమే. పావుగంట నుంచి ఇరవై ఐదు నిమిషాలు, పార్కింగ్‌తో కలిపి చెడ్డ రోజు కూడా 33. సైకిల్ కంటే ఆరు నిమిషాలు ముందే. అయినా నేను చెప్పేది మారదు. వెళ్లేది దేనిమీదైనా సరే, ఇల్లు మాత్రం సైకిల్ దూరంలో వెతకండి. అప్పుడు బండి రిపేరుకి పోయినా, బస్సులు సమ్మె చేసినా, ఉద్యోగానికి వెళ్లే దారి ఇంకోటి ఉంటుంది. బీటీఎంలో ఉంటే ఏది ఎక్కినా మామూలు దారి సిల్క్ బోర్డ్ మీదుగానే. 2022 సెప్టెంబరు మొదట్లో ఎకోస్పేస్ ముందే నీళ్లు నిలిచిపోయినప్పుడు మాత్రం ఏ వాహనమూ పనికిరాలేదు, అలాంటి రోజుకి ఇంట్లోంచి పనే గతి.

అద్దె సంగతి. కసవనహళ్లిలో నెలకు నాలుగు వేలు ఎక్కువ అనుకుందాం. బీటీఎం నుంచి బండికీ, కసవనహళ్లి నుంచి సైకిల్‌కీ చెడ్డ రోజు లెక్కన పూటకు 19 నిమిషాలు తేడా. నెలకు 22 పనిరోజులంటే దాదాపు 14 గంటలు. పెట్రోలు ఓ వెయ్యి మిగులుతుంది. అంటే మూడు వేలకు పద్నాలుగు గంటలు. బస్సు అయితే నెలకు దాదాపు నలభై గంటలు. ఆ గంటలు మీకెంత విలువో మీరే చెప్పాలి. నాకైతే అది చవక బేరమే.

మెట్రో గురించి క్లుప్తంగా. వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసైతే 2023 నుంచి పర్పుల్ లైను, ఎలక్ట్రానిక్ సిటీ అయితే 2025 ఆగస్టు నుంచి యెల్లో లైను. వాళ్లు స్టేషన్ పక్కన ఇల్లు చూసుకుంటే చాలు, ఈ చర్చే అక్కర్లేదు. కంపెనీ క్యాబ్ ఉంటే అది పికప్‌ల కోసం ఎన్ని సందులు తిరుగుతుందో అడగండి.

అడ్వాన్సు ఇచ్చేముందు చేయాల్సింది ఇది. మ్యాప్‌లో మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరినట్టు టైము పెట్టండి. కారుకి "30 నిమిషాల నుంచి గంట" అన్నట్టు రెండు అంకెలు వస్తాయి. పెద్ద అంకెనే తీసుకోండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువైతే దారి అంత నమ్మరానిది. తర్వాత సాయంత్రం ఆరున్నరకి తిరుగు దారి కూడా చూడండి, చాలాసార్లు పొద్దుటికన్నా అదే ఎక్కువ. ఆ తర్వాత పనిరోజున ఒకసారి నిజంగా వెళ్లి రండి. మా వాడు బుధవారం నా సైకిల్ తీసుకుని కసవనహళ్లి నుంచి వెళ్లొచ్చాడు. సాయంత్రం వచ్చాక ఓనర్‌కి ఫోన్ చేసి, టోకెన్ అడ్వాన్సు ఎంత పంపమంటారని అడిగాడు. బీటీఎం మెస్‌కి ఆదివారాలు వెళ్తానన్నాడు.